ఫోటోలో వచ్చిన పద్యాన్ని నేటి తెలుగులోకి మార్చడం ఎలా: ‘కారే రాజులు’ పద్యంతో

మా అక్క వాళ్ళు చెన్నైలో పెరంబూరులో ఉంటారు. వాళ్ళమ్మాయి తొమ్మిదో తరగతి. బళ్ళో తమిళం, ఇంగ్లిషు గట్టిగా చెబుతారు, తెలుగు కొంచెం పలచన. మొన్న వాళ్ళ తాతగారి పెట్టెలోని పాత భాగవతం నుంచి ఒక పేజీ ఫోటో తీసి నాకు పంపింది. “పిన్నీ, దీనికి అర్థాలు, మామూలు తెలుగులో పేరా కావాలి. సోమవారం క్లాసులో చదవాలి. నాకు టెన్షన్‌గా ఉంది” అని మెసేజ్. అర్థం నేనే రాసి పంపితే పది నిమిషాల పని. కానీ అలా చేస్తే రెండో పద్యానికి మళ్ళీ నన్నే అడగాలి. అందుకని ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి పక్కన కూర్చుని చేయించాను. మీ ఇంట్లో పిల్లలకు ఇలాంటి పని పడితే ఏ వరసలో చేయాలో ఆ పద్యంతోనే చెబుతాను.

మొదట ఫోటో సంగతి. తను పద్యం ఒక్కటే కనపడేలా కత్తిరించి పంపింది. అలా కత్తిరించకండి. పద్యానికి ముందు ‘శా.’, ‘ఉ.’, ‘క.’, ‘తే.’ లాంటి పొట్టి గుర్తు ఉంటుంది, అది ఏ ఛందస్సో చెబుతుంది. పద్యానికి పైన, కింద ఉన్న వచనం చూస్తే ఎవరు ఎవరితో అంటున్నారో తెలుస్తుంది. ఈ రెండూ పోతే సగం ఆధారం పోయినట్టే. పేజీ మొత్తం తీయాలి. ఫ్లాష్ లేకుండా, కిటికీ పక్కన పగటి వెలుతురులో పుస్తకాన్ని చదునుగా పెట్టి తీయండి. పాత పుస్తకం కుట్టు దగ్గర వంపు తిరుగుతుంది, అక్కడి అక్షరాలు నొక్కుకుపోతాయి. ఆ వైపుకు ఇంకో ఫోటో విడిగా తీసుకుంటే మంచిది.

తర్వాత ఫోటోను పెద్దది చేసి, కాగితం మీద ఒక్కో అక్షరం చూస్తూ ఎత్తి రాయాలి. అర్థం తెలియకపోయినా ఫరవాలేదు, కనిపించింది కనిపించినట్టు రాయాలి. ఆ పేజీలో ఉన్నది పోతన గారి పద్యం, అష్టమ స్కంధంలో వామన చరిత్రలోది:

కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే?
వారేరీ? సిరి మూటఁ గట్టుకొని పోవం జాలిరే? భూమిపైఁ
బేరైనం గలదే? శిబిప్రముఖులుం బ్రీతిన్ యశఃకాములై
యీరే కోర్కులు? వారలన్ మఱచిరే యిక్కాలమున్? భార్గవా!

వాళ్ళ పుస్తకంలో ఈ ప్రశ్న గుర్తులు లేవు. మీకు చదవడానికి వీలుగా నేను పెట్టాను. ఇవి లేకపోవడం వల్ల అమ్మాయి పడిన ఇబ్బంది కొంచెం ఆగి చెబుతాను.

ఎత్తి రాసేటప్పుడు ఈ కాలం పిల్లలు వదిలేసేవి మూడు. ఒకటి అరసున్న, ‘మూటఁ’లో ఉన్నట్టు సగం వంపు. దాన్ని మరక అనుకుని వదిలేస్తారు, లేదా నిండు సున్న చేస్తారు. రెండోది బండి ఱ. మూడోది విసర్గ. ‘యశఃకాములై’లో పైనా కిందా ఉన్న రెండు చిన్న సున్నలలో ఒకటి ఫోటోలో మాసిపోతే ‘యశంకాములై’ అనిపిస్తుంది. మా అమ్మాయి ‘మూటం గట్టుకొని’ అనీ, ‘వారల మఱచిరే’ అనీ రాసింది.

ఇక్కడే ఛందస్సు పనికొస్తుంది. మార్కుల కోసం గణాలు గుర్తించడం వేరు. ఫోటోలో సరిగ్గా కనపడని అక్షరాన్ని పట్టుకోవడానికి ఛందస్సును మించిన సాధనం మన చేతిలో లేదు. పుస్తకం తెరిచి చూస్తే పద్యం ముందు ‘శా.’ అని ఉంది, అంటే శార్దూలం. పాదానికి 19 అక్షరాలు, గణాలు మ, స, జ, స, త, త, చివర ఒక గురువు. రెండో పాదం లెక్కపెట్టండి: వా, రే, రీ, సి, రి, మూ, ట. ఈ ‘ట’ ఏడో అక్షరం. అక్కడ జగణం మొదలవుతుంది కాబట్టి అది లఘువు కావాలి. నిండు సున్న పెట్టి ‘టం’ అంటే గురువైపోతుంది, పాదం చెడుతుంది. అరసున్న మాత్రం లఘువును గురువు చేయదు. కాబట్టి అక్కడున్నది అరసున్నే. అలాగే నాలుగో పాదంలో ఎనిమిదో అక్షరం గురువు కావాలి. ‘వారల మఱచిరే’ అంటే ‘ల’ లఘువుగా మిగిలిపోతుంది. అంటే అక్కడ ఏదో జారిపోయింది. తిరిగి ఫోటో చూస్తే ‘లన్’ అని పొల్లు కనపడింది.

ప్రాస ఇంకో సాయం. ప్రతి పాదంలో రెండో అక్షరంలో ఒకే హల్లు ఉండాలి. కారే, వారే, బేరై, యీరే: నాలుగింటిలోనూ ‘ర’. ఒకచోట వేరే హల్లు రాశామంటే తప్పు చదివినట్టే. యతి చూడాలంటే మొదటి అక్షరానికి పదమూడో అక్షరం కలవాలి. మొదటి పాదంలో ‘కా’కు ‘గర్వ’లోని ‘గ’, మూడో పాదంలో ‘బే’కు ‘బ్రీ’. చెన్నై పిల్లలకు ఇది చెప్పడం తేలిక. తమిళం క్లాసులో రెండో అక్షరం కలిస్తే ‘ఎదుగై’, మొదటి అక్షరం కలిస్తే ‘మోనై’ అని వాళ్ళు చదువుకునే ఉంటారు. మన ప్రాస ఎదుగైకి చాలా దగ్గర. యతి మోనైలాంటిదే కానీ చోటు ఖాయంగా ఉంటుంది. ఆ మాట అనగానే అమ్మాయి ముఖం విప్పారింది.

యతికి ఒక హద్దు ఉంది. అచ్చు మాసిన పుస్తకంలో ‘ప’, ‘వ’ ఒకేలా కనపడతాయి. ఆ రెండూ యతిలో ఒకే జట్టువి కాబట్టి ఏది సరైనదో యతి తేల్చలేదు. రెండో పాదంలో ‘పోవం’ను ‘పోపం’ అని చదివినా యతి, గణాలు చెడవు. అక్కడ అర్థం మీదే ఆధారపడాలి.

పాఠం సరిపడ్డాక పదాలు విడదీయాలి. అసలు కష్టం ఇక్కడుంది. మా అమ్మాయి ముందే నిఘంటువు తెరిచింది. ‘జాలిరే’ చూసి జాలి అనుకుంది. ‘బేరైనం’ చూసి బేరం అనుకుంది. ‘బొందరే’కు ఏం దొరికిందో చెప్పనక్కర్లేదు. నిఘంటువులో వెతకాల్సింది పద్యంలో కనపడే రూపాన్ని కాదు, సంధి జరగక ముందున్న రూపాన్ని.

దీనికి ఒకే ఒక్క సూత్రం పిల్లలకు బాగా పట్టించండి. ముందు మాట చివర ‘న్’ ఉంటే, దాని తర్వాత వచ్చే క, చ, ట, త, ప అనే అక్షరాలు గ, జ, డ, ద, బ అవుతాయి. బళ్ళో దీన్నే సరళాదేశ సంధి అంటారు. ఆ ‘న్’ పద్యంలో సున్నగానో అరసున్నగానో కనపడుతుంది. కాబట్టి సున్న తర్వాత కొత్త మాట గ, జ, డ, ద, బలతో మొదలైతే అనుమానించి వెనక్కి తిప్పి చూడాలి. ‘పోవం జాలిరే’ అంటే పోవన్ + చాలిరే. చాలు అంటే చేతనవడం, ‘పోగలిగారా’ అని అర్థం. జాలికీ దానికీ సంబంధం లేదు. ‘గర్వోన్నతిం బొందరే’ అంటే గర్వోన్నతిన్ + పొందరే. ‘మూటఁ గట్టుకొని’ అంటే మూటన్ + కట్టుకొని. ‘ప్రముఖులుం బ్రీతిన్’ అంటే ప్రముఖులున్ + ప్రీతిన్.

పాదం చివర కూడా ఇదే జరుగుతుంది. అక్కడే ఎక్కువమంది పడిపోతారు. రెండో పాదం ‘భూమిపైఁ’తో ఆగి, మూడోది ‘బేరైనం’తో మొదలవుతుంది. పంక్తి మారింది కాబట్టి మాట కొత్తగా మొదలైందనుకుంటాం. కానీ అది భూమిపైన్ + పేరైనన్ + కలదే. ‘భూమి మీద పేరైనా ఉందా’ అన్న ఒక్క ప్రశ్న రెండు పాదాల్లోకి విరిగింది. శార్దూలంలో పాదం ఎక్కడ ఆగిందనేది ఛందస్సు లెక్క, వాక్యం ఎక్కడ ఆగిందనేది వేరే లెక్క. అమ్మాయిచేత పద్యాన్ని పాదాలు లేకుండా ఒకే పొడుగు పంక్తిగా రాయించాను. అప్పుడు ప్రశ్నలు విడివిడిగా కనపడ్డాయి.

మిగిలిన సంధులు కొన్నే. ‘రాజ్యముల్ గలుగవే’లో ‘న్’ లేకుండానే ‘కలుగవే’ ‘గలుగవే’ అయింది, అది గసడదవాదేశం. గర్వ + ఉన్నతి, గుణసంధి. ఈ + కాలము, త్రిక సంధి వల్ల ఇక్కాలము. ‘వారేరీ’ని తను ‘వారే, రీ’ అని విరిచింది. అది వారు + ఏరీ, వాళ్ళెక్కడ అని. ‘యీరే’ గురించి ఇంకొంచెం చెప్పాలి. దాన్ని ‘య’ కింద వెతికితే దొరకదు, ‘ఈరే’ అని తీసుకోవాలి. ఇచ్చు అన్న క్రియకు ఈ, ఈవి, ఈయు అనే రూపాలున్నాయి. ఈరు అంటే ఇవ్వరు. తిరుక్కురళ్‌లో దానం గురించిన అధికారం పేరు ‘ఈగై’ కదా, ఆ ‘ఈ’, ఈ ‘ఈ’ ఒకటే అని చెప్పాను. ‘మఱచిరే’ కూడా అంతే. రోజుకు పదిసార్లు ‘మఱందుట్టేన్’ అనే పిల్లకు మఱచు అంటే ఏమిటో చెప్పే పని లేదు. అక్కడున్నదీ బండి ఱే.

ఇక నిఘంటువు చూడొచ్చు. ఇలాంటి పద్యాలకు బహుజనపల్లి సీతారామాచార్యులు గారి శబ్దరత్నాకరం బాగా పనికొస్తుంది. ఆంధ్రభారతి వెబ్‌సైటులో అదీ, ఇంకా చాలా నిఘంటువులూ ఉన్నాయి. అయితే నిఘంటువు అర్థాలన్నీ వరసగా ఇస్తుంది, ఏది ఎంచుకోవాలో సందర్భమే చెబుతుంది. భార్గవుడు అంటే భృగు వంశంలో పుట్టినవాడు. పరశురాముడు కావచ్చు, శుక్రాచార్యుడు కావచ్చు. మా అమ్మాయి పరశురాముడని రాసింది. పైనున్న వచనం ఫోటోలో లేకపోవడం వల్ల వచ్చిన తప్పు అది. వామనుడు మూడడుగుల నేల అడిగాడు. అడిగినవాడు విష్ణువని, ఇవ్వవద్దని గురువు శుక్రాచార్యుడు బలి చక్రవర్తిని వారించాడు. దానికి బలి చెప్పిన జవాబు ఈ పద్యం. కాబట్టి భార్గవుడు ఇక్కడ శుక్రుడే.

ఇప్పుడు ప్రశ్న గుర్తుల దగ్గరికి వద్దాం. ఈ పద్యంలో ఎనిమిది ప్రశ్నలున్నాయి. ‘ఏరీ’ ఒకటి పక్కన పెడితే మిగిలిన ఏడూ చివర ‘ఏ’తో ముగుస్తాయి. ఆ ‘ఏ’ ఈనాటి ‘ఆ’, అంటే ప్రశ్న. చూడటానికి ఏడూ ఒకేలా ఉంటాయి కానీ ఒకటి కావు. కారు, కలుగవు, పొందరు, ఈరు అన్నవి ‘లేదు’ అనే క్రియలు. వాటికి ప్రశ్న చేరితే కాలేదా, కలగలేదా, పొందలేదా, ఇవ్వలేదా. జవాబు అవునని. చాలిరి, కలదు, మఱచిరి అన్నవి ‘ఉంది’ అనే క్రియలు. వాటికి ప్రశ్న చేరితే పోగలిగారా, ఉందా, మరిచిపోయారా. జవాబు లేదని. ఈ తేడా చూడకుండా రాస్తే పద్యం తలకిందులవుతుంది. మా అమ్మాయి మొదట ‘శిబి మొదలైనవారు కోరికలు తీర్చరు, వాళ్ళను అందరూ మరిచిపోయారు’ అని రాసింది. ప్రతి క్రియ పక్కన పెన్సిలుతో ‘అవును’ లేదా ‘లేదు’ అని జవాబు రాయమన్నాను. తప్పు తనే పట్టుకుంది.

కారు, ఈరు లాంటి క్రియలకు కాలం ఉండదన్నది గుర్తుంచుకోండి. ‘ఇవ్వరు’ అని ఇప్పటి మాట పెట్టకుండా, కథ జరిగిపోయిన రాజులది కాబట్టి ‘ఇవ్వలేదా’ అని రాయాలి.

ఇంకో చిక్కు ‘వారు’. పద్యంలో రెండుసార్లు వస్తుంది, ఇద్దరూ ఒకరు కారు. ‘వారేరీ’లో వారు గర్వించిన రాజులు. ‘వారలన్ మఱచిరే’లో వారు శిబి మొదలైన దాతలు. మరిచిపోయేది ఎవరో పద్యంలో లేదు, ‘లోకులు’ అని మనమే వేసుకోవాలి. అలా బయటి నుంచి తెచ్చిన మాటను కుండలీకరణాల్లో పెట్టడం మంచి అలవాటు, ఏది కవిదో ఏది మనదో తెలుస్తుంది.

ఆ తర్వాత ప్రతిపదార్థం రాయించాను. పద్యంలో ఉన్న వరస కాకుండా వాక్యం నడిచే వరసలో రాయాలి. అదే అన్వయం. పిలుపు ముందుకొస్తుంది, క్రియ చివరికి పోతుంది.

భార్గవా = భృగు వంశంలో పుట్టిన శుక్రాచార్యా!
రాజులు = (పూర్వం ఎందరో) రాజులు
కారే = కాలేదా?
రాజ్యముల్ = రాజ్యాలు
కలుగవే = (వాళ్ళకు) కలగలేదా?
గర్వోన్నతిన్ = మితిమీరిన గర్వాన్ని
పొందరే = పొందలేదా?
వారు = ఆ రాజులు
ఏరీ = ఎక్కడున్నారు?
సిరిన్ = సంపదను
మూటన్ కట్టుకొని = మూటగట్టుకుని
పోవన్ చాలిరే = (వెంట) పోగలిగారా?
భూమిపైన్ = నేల మీద
పేరైనన్ = (వాళ్ళ) పేరైనా
కలదే = ఉందా?
శిబిప్రముఖులున్ = శిబి మొదలైనవారు
యశఃకాములై = కీర్తిని కోరేవారై
ప్రీతిన్ = ఇష్టంతో
కోర్కులు = (అడిగినవారి) కోరికలను
ఈరే = ఇవ్వలేదా, అంటే తీర్చలేదా?
వారలన్ = ఆ దాతలను
ఇక్కాలమున్ = ఈ కాలంలో కూడా
మఱచిరే = (లోకులు) మరిచిపోయారా?

శిబి ఎవరో ఒక్క వాక్యం కింద రాస్తే చాలు: డేగ నుంచి పావురాన్ని కాపాడటానికి తన ఒంటి మాంసం కోసిచ్చిన రాజు. కథంతా అక్కడ రాస్తే పద్యం మరుగున పడుతుంది.

ప్రతిపదార్థాన్ని వరసగా అతికిస్తే పేరా అయిపోదు. ‘కోర్కులను ఇవ్వలేదా’ అని ఈరోజు ఎవరూ అనరు, ‘కోరికలు తీర్చలేదా’ అంటారు. ‘గర్వోన్నతిని పొందలేదా’ కన్నా ‘గర్వంతో మిడిసిపడలేదా’ మన మాట. అయితే ప్రశ్నలు ప్రశ్నలుగానే ఉండాలి, బలి గొంతు వాటిలోనే ఉంది. ‘సిరి మూట’ను ‘ఆస్తులు’ అని మార్చకండి, మూట ఇప్పటికీ అందరికీ తెలిసిన మాటే, ఆ బొమ్మ పోతే నష్టం. రెండు మూడుసార్లు కొట్టేసి రాశాక తన పేరా ఇలా వచ్చింది:

‘శుక్రాచార్యా! పూర్వం ఎందరో రాజులు కాలేదా? వాళ్ళకు రాజ్యాలు లేకపోయాయా? గర్వంతో మిడిసిపడలేదా? ఇప్పుడు వాళ్ళంతా ఏరి? సంపదను మూటగట్టుకుని వెంట తీసుకుపోగలిగారా? ఈ భూమి మీద వాళ్ళ పేరైనా మిగిలిందా? శిబి లాంటివాళ్ళు కీర్తిని కోరి, అడిగినవాళ్ళ కోరికలు ఇష్టంగా తీర్చలేదా? వాళ్ళను లోకం ఈనాటికీ మరిచిపోయిందా?’

రాశాక ప్రశ్నలు లెక్కపెట్టించాను. ఎనిమిది ఉన్నాయి. పద్యంలోనూ ఎనిమిదే. ఏడు వచ్చినా తొమ్మిది వచ్చినా ఏదో పోయినట్టో, ఏదో కలిసినట్టో. ఆఖరి ప్రశ్న దగ్గర మాత్రం తను ఆగింది. “ఈనాటికీ మరిచిపోయిందా అంటే ఏదోలా ఉంది పిన్నీ” అంది. నిజమే, ‘ఈనాటికీ’ తర్వాత మన చెవి ‘లేదు’ కోసం చూస్తుంది. ‘ఇంత కాలమైనా వాళ్ళను లోకం మరిచిపోయిందా?’ అని మార్చింది. అర్థం చెడలేదు, చెవికీ బాగుంది.

తర్వాత ఇంకో సందేహం. పరీక్షలో ‘భావం రాయండి’ అంటే కూడా ఇలా ప్రశ్నలే రాయాలా అని. భావానికి ప్రశ్నల పక్కన పెన్సిలుతో రాసుకున్న జవాబులు తీసుకోమన్నాను. మూడు ముక్కల్లో రాసింది: ‘ఎందరో రాజులు రాజ్యాలేలి గర్వించారు కానీ పోయేటప్పుడు సంపద వెంట తీసుకుపోలేకపోయారు, వాళ్ళ పేరు కూడా మిగల్లేదు. శిబి లాంటివాళ్ళు అడిగినవారికి ఇష్టంగా ఇచ్చారు, వాళ్ళను లోకం ఇంకా తలుచుకుంటోంది. అందుకే మాట తప్పి దానం మానుకోలేనని బలి తన గురువుకు చెప్పాడు.’ ఈ చివరి వాక్యం పద్యంలో లేదు, సందర్భం నుంచి తెచ్చుకున్నది. పేరాలో అయితే కొట్టేయమనేదాన్ని. భావంలో ఉండనిచ్చాను.